తాటిపాక తరవాత ఒక్క ముడి

అత్తయ్యగారికి మీ చిన్నకోడలు శాంత వందనాలు.

మీరు వెళ్ళిపోయి ఈ రోజుకి నూట పదమూడు రోజులు. అందాజుగా చెప్పడం లేదు, గోడ మీది కేలెండరు దించి లెక్కపెట్టాను. మీరు రాజోలు వెళ్ళిన ప్రతి గురువారం దగ్గరా నేను పెట్టిన చిన్న చుక్కలు అలాగే ఉన్నాయి. మొత్తం ఇరవైరెండు. ఇరవైమూడోది పెట్టాలో వద్దో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నిన్న పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ ఉత్తరం మీకు ఎవరు చదివి పెడతారు? మీ మనవరాలు, మా కరుణే చదవాలి. మీకొచ్చిన ఉత్తరాలన్నీ చదివింది అదే కదా...

ముందుగా ఇక్కడి సంగతి. మీరు పోయిన పదో రోజున ఆదరణ కూటం పెట్టాం. పాదిరిగారు ప్రార్థన చేశారు, పాటలయ్యాయి. చివర్లో బావగారు, అదే మీ పెద్దబ్బాయి, లేచి నిలబడ్డారు. హైస్కూలు హెడ్మాస్టరు కదా, ఆయన లేస్తే అందరూ సర్దుకుని కూర్చుంటారు. ఏదో నాలుగు మంచి మాటలు చెబుతారనుకున్నాను. ఆయన జేబులోంచి మీ తాడు తీశారు.

అవునండీ. పోయేటప్పుడు మీ చేతిలో ఉన్న ముడుల తాడే. అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుని, "మా అమ్మ జబ్బు చేసి పోలేదండి. ఇదుగో, దీని మూలాన పోయింది. ఒక చిన్నపిల్ల ఆడుకుంటూ చెప్పిన దారి నమ్ముకుని, వరదలో ఊళ్ళట్టుకు తిరిగి తిరిగి, దారి తప్పి దిక్కులేకుండా పోయింది" అన్నారు.

కరుణ నా పక్కనే ఉంది. పదేళ్ళ పిల్ల. దాని చెయ్యి నా చేతిలో ఉంది. ఆ చెయ్యి చల్లబడిపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

నేను లేవలేదు. మీ చిన్నబ్బాయి సంగతి మీకు తెలిసిందే, అన్నగారి ముందు ఆయనకి గొంతు పెగలదు. కానీ నేనెందుకు లేవలేదు? ఈ నూట పదమూడు రోజుల్లో బావగారి మీద ఎంత మండిపడ్డానో, నా మీద నేను అంతకంటే ఎక్కువ మండిపడ్డాను.

కూటం అయ్యాక ఆయన ఆ తాడుని పెరట్లో కొబ్బరిపాదులోకి విసిరేశారు. నేను వెళ్ళి తీసి, బురద కడిగి, ఆరబెట్టి దాచాను.

ఆ రోజు నుంచీ కరుణ బస్సెక్కలేదు. సాంఘిక శాస్త్రం పరీక్షలో పటం గీయమంటే ఆ పేజీ తెల్లగా వదిలేసి వచ్చింది. బొమ్మలూ పటాలూ అంటే ప్రాణం పెట్టే పిల్ల... అడిగితే ఒకటే మాట, "నేను గీస్తే ఎవరైనా చచ్చిపోతారు."

అది వింటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

అసలీ తాడు ఎలా పుట్టిందో బావగారికి తెలుసా? తెలియదు. అడగనే లేదు. అందుకని మొదటినుంచీ వరసగా రాస్తాను. మీకు తెలిసినవే. అయినా కాగితం మీద ఉండాలి.

రాజోలులో మీ చెల్లెలు, చిన్నత్తయ్యగారు, తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు మీరు ఒకటే అడిగారు. "వారానికోసారి దానికి తలంటి రావాలి. ఎవరైనా నన్ను తీసుకెళ్ళండర్రా." కొడుకులు ఇద్దరూ సరేనన్నారు. ఒకరికి స్కూలు ఇన్స్పెక్షను, ఒకరికి ఆఫీసులో ఆడిట్. మూడు గురువారాలు మీరు చీర మార్చుకుని అరుగు మీద కూర్చుని, పొద్దెక్కాక మళ్ళీ పాత చీర కట్టుకున్నారు. నాలుగో గురువారం ఎవరికీ చెప్పకుండా ఒక్కరే మన అమలాపురం బస్టాండుకి వెళ్ళిపోయారు.

వెళ్ళి కొత్తపేటలో తేలారు. రాజోలు ఎక్కడ, కొత్తపేట ఎక్కడ! కండక్టరు బస్సంతా వినేలా "చదువు రాకపోతే ఇంట్లో కూర్చోవాలండి, మా ప్రాణాలు తియ్యడానికా?" అన్నాడని, సాయంత్రం ఇంటికొచ్చి మీరు నవ్వుతూ చెప్పారు. నవ్వుతూనే చెప్పారు గానీ ఆ రాత్రి అన్నం తినలేదు.

బావగారు వచ్చి, ఇకమీదట గడప దాటడానికి వీల్లేదని తీర్పు చెప్పి వెళ్ళారు. మీ చిన్నబ్బాయి తల ఊపారు. నేను కూడా, పోనీలెండి అత్తయ్యగారూ అన్నాను.

కరుణ ఒక్కతే అడిగింది. "మామ్మా, నువ్వు ఆ బస్సే ఎందుకు ఎక్కేవు?"

అప్పుడు మీరు చెప్పింది నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బస్టాండులో పెద్ద బోర్డుందే, రంగురంగుల గీతలు. రాజోలెక్కడుంది బాబూ అంటే ఒకతను అదిగో, ఆ కొసన అని అన్నిటికంటే పైనున్న చుక్క చూపించేడు. పైనుంది కాబట్టి ఎగువనుంటది అనుకున్నాను. నీళ్ళొచ్చేది పైనుంచే కదే? అందుకని ఎగువకెళ్ళే బస్సు ఏదని అడిగి ఎక్కేను."

గోదారి పాయల మధ్య పుట్టినవాళ్ళం మనం. తూర్పూ పడమరా కంటే ముందు ఎగువా దిగువా నేర్చుకుంటాం. ఇంట్లో పీట ఎటు వేయాలన్నా కాలవ ఎటు పారుతోందో చూస్తాం. మీరు పొరపాటు పడ్డారని నేను ఒప్పుకోను. ఆ బోర్డు రాసినవాడికి పొడుగాటి రేకు దొరికింది, అమలాపురం అడుగున పెట్టి రాజోలు నెత్తిన పెట్టాడు. అంతే.

మర్నాడు కరుణ బడి నుంచి వస్తూ బస్టాండుకి వెళ్ళి, ఆ బోర్డుని నోటుపుస్తకంలోకి దింపుకొచ్చింది. వంటింటి గడప మీద మిమ్మల్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. నేను చేపలు తోముతూ వింటున్నాను.

"ఇది భూమి బొమ్మ కాదు మామ్మా. ఇందులో ఎగువా లేదు, దిగువా లేదు. పుస్తకం ఇలా తిప్పినా, అలా తిప్పినా ఒకటే. దేని తరవాత ఏది వస్తుందో, అది ఒక్కటే చెప్తుంది."

మీరు ఊరుకుంటారా! "ఆయ్, బానే ఉంది. మరి అంబాజీపేట ఇంత దగ్గరుందేమే? నలభై ఏళ్ళు అక్కడ పీచు తాళ్ళు పేనినదాన్ని, నడిచొస్తే కాళ్ళు పీకేవి. ఇక్కడ చూస్తే జానెడు లేదు. రాజోలు పక్కన తాటిపాకా అదే జానెడు. ఇదేం కొలతే?"

"కొలత కాదు మామ్మా. చుక్క పక్కన ఊరు పేరు రాయడానికి చోటుండాలి కదా, అందుకని అన్నీ సమానంగా పెట్టేసేరు. గీత పొడుగు చూడకు. చుక్కలు లెక్కెట్టు."

తరవాత అది ఒక్కొక్క గుర్తూ చెప్పింది. ఒక్కో రంగు గీత ఒక్కో బస్సు తిరిగే దారి. చిన్న చుక్క స్టేజీ. చుక్క చుట్టూ సున్నా ఉంటే అక్కడ దారులు చీలతాయి, బస్సు మారవచ్చు. గీత చివర అడ్డగీత ఉంటే బస్సు అక్కడితో ఆఖరు. అమలాపురం నుంచి రాజోలుకి రెండు దారులు. ఒకటి బోడసకుర్రు రేవు మీదుగా, దగ్గరిదారి. రేవు దగ్గర దిగి, మనుషుల్ని దాటించే పంటు పడవ మీద వైనతేయ పాయ దాటి, అవతల పాశర్లపూడిలో ఇంకో బస్సెక్కాలి. రెండోది అంబాజీపేట, గన్నవరం మీదుగా చుట్టుదారి. గన్నవరంలో దిగి, కాలవని నది మీదుగా దాటించే ఆ అక్విడక్టు దాటి, అవతల బస్సెక్కాలి. రెండు దారులూ తాటిపాకలో కలుస్తాయి. దాని తరవాత రాజోలే.

సరిగ్గా అప్పుడే బావగారు వచ్చారు, గుర్తుందా? మీరు పుస్తకం ఆయన ముందు పెట్టి అమాయకంగా అడిగారు. "ఒరే పెద్దోడా, రేవు దగ్గర గీత ముక్కలు ముక్కలుగా తెగిపోయిందేమిట్రా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "బోర్డు మీద రంగు ఊడిపోయుంటుందమ్మా. ఇది అలాగే దింపేసింది" అన్నారు.

కరుణ కిసుక్కున నవ్వింది. "రంగూడటం కాదు పెదనాన్నా. అక్కడ రోడ్డు లేదు, నీళ్ళు. గీత తెగితే దిగి దాటాలని." ఆయన మొహం చూడాలి! ఆ నవ్వుని ఆయన మరిచిపోలేదని నాకు ఆదరణ కూటం రోజున అర్థమయింది.

అయినా ఆ కాగితం మీకు పట్టుబడలేదు. మూడు రోజులు చూసి పక్కన పెట్టేశారు. "గీతలు నా కంటికి అంటవే. తాడు మీద చెప్పు. తాడైతే చీకట్లో కూడా చెప్తాను ఎన్ని ముడులున్నాయో."

పీచు నానబెట్టి మీరే పేనారు. కరుణ వరస చెబుతూంటే మీరే ముడులు వేశారు. ఒక కొసన పెద్ద ఉచ్చు, అది అమలాపురం. దాన్నుంచి రెండు పాయలు. లావు తాడు గన్నవరం దారి, సన్న తాడు రేవు దారి. ఒక్కో స్టేజీకి ఒక్కో ముడి. అంబాజీపేట జంట ముడి దగ్గర బెత్తెడు తోక వదిలారు. "ఇది కొత్తపేట తోక. దీని జోలికి పోను, ఒకసారి పోయింది చాలు" అన్నారు. రేవు ఉన్నచోట తాడు కోసి, ఆ రెండు కొసలకీ మధ్యన నా పాత నీలం జాకెట్టు పేలిక కట్టారు. గుడ్డ తగిలితే నీళ్ళన్నమాట. రెండు పాయలూ కలిసే తాటిపాక దగ్గర కొబ్బరిచిప్ప అరగదీసి చేసిన రింగు. రింగు తరవాత ఒక్కటే ముడి, రాజోలు. దానికి చిన్నత్తయ్యగారి రవిక బొత్తాం కుట్టారు.

"తిరిగి రావడానికి ఇంకో తాడు పేనాలా?" అని మీరు అడిగితే, "అదే తాడు మామ్మా, బొటనవేలు ఇటునుంచి అటు జరుపుకుంటూ రా" అంది.

మొదటి పరీక్షకి సెలవు రోజున మీ ఇద్దరూ వెళ్ళారు. రేవు చేరకముందే మీ వేలు నీలం గుడ్డ మీదికి వచ్చేసిందట. బస్సు ఆగిన ప్రతిచోటా ముడి జరిపారు మీరు. చెయ్యెత్తితే ఆపుతారు, మేకకి ఆపుతారు, కండక్టరుకి తెలిసినవాళ్ళు కనబడినా ఆపుతారు. అప్పుడు కరుణ ఇంకో నియమం పెట్టింది. ఆగినచోటల్లా కాదు, కండక్టరు స్టేజీ పేరు అరిస్తేనే ముడి జరపాలి. ఇంకొకటి కూడా. ఎక్కేముందు ఎక్కడికి అని ఒక్కటే అడిగితే చాలదు, ఎటు మీదుగా అని రెండోది అడగాలి. రాజోలుకి రెండు దారులున్నాయి కనక.

ఆ తరవాత మీరు బోర్డు వంక చూడలేదు, ఎవర్నీ బతిమాలలేదు. గురువారం గురువారం వెళ్ళి, చెల్లెలికి తలంటి, జడ వేసి, దీపాలవేళకి ఇంటికొచ్చేవారు. రాగానే ఆ రోజు టిక్కెట్లన్నీ కరుణ చేతిలో పెట్టేవారు, కండక్టరు ఆట ఆడుకోవడానికి. ఇరవైరెండు గురువారాలు. అప్పుడు బావగారు ఏమన్నారు? "మా అమ్మ ఈ వయసులో కూడా ఒక్కర్తే తిరుగుతుందండి" అని స్టాఫ్ రూములో గొప్పలు చెప్పుకున్నారు. ఆ గొప్పలో కరుణ పేరు మాత్రం లేదు.

ఇక ఆ ఇరవైమూడో గురువారం...

పొద్దున్న ఏడింటికి బయల్దేరారు. పది దాటేసరికి చిన్నత్తయ్యగారింట్లో ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి తాటిపాక నుంచి కబురొచ్చింది. బస్సు దిగి సెంటర్లో బల్ల మీద కూర్చున్నారని, డాక్టరుని పిలిచేలోపే అయిపోయిందని. మూడు గంటల దారికి అంతసేపు ఎక్కడ తిరిగారు? మిమ్మల్ని దింపిన బస్సు గన్నవరం వైపు నుంచి వచ్చిందన్నారు. రేవు దారిన వెళ్ళే మనిషి గన్నవరం బస్సులో ఎందుకున్నారు? బావగారు రెండూ రెండూ కలిపి దారి తప్పిందని తేల్చేశారు. అందరూ నమ్మారు. అత్తయ్యగారూ, ఒప్పుకుంటున్నాను... నేనూ కొన్నాళ్ళు నమ్మాను.

మీ చేతిసంచి తెరవడానికి నాకు మనసు రాలేదు. నవంబరు నెలలో, పండక్కి ఇల్లు దులుపుతూ తెరిచాను. నూనె సీసా, సీకాయ పొట్లం, దువ్వెన. అడుగున నాలుగు టిక్కెట్లు. పాతవన్నీ కరుణకి ఇచ్చేసేవారు కనక, ఇవి ఆ రోజువే.

నా సంగతి మీకు తెలుసు. పాల చీటీ కూడా పారెయ్యను. నాలుగూ నేల మీద పరిచి కూర్చున్నాను. ప్రతి టిక్కెట్టు అంచునా వరసగా అంకెలుంటాయి. ఎక్కిన స్టేజీ అంకె దగ్గర కండక్టరు కన్నం పొడుస్తాడు. ఎంతదాకా వెళ్ళవచ్చో టిక్కెట్టు రేటు చెబుతుంది. ఒకే రంగువి రెండున్నాయి. ఒకదానికి ఒకటో అంకె దగ్గర కన్నం, రెండోదానికి రేవు అంకె దగ్గర. అంటే? రేవుదాకా వెళ్ళి, మళ్ళీ రేవు దగ్గరే ఎక్కి వెనక్కి వచ్చారు. పంటు చీటీ లేదు, నది దాటలేదు. మూడోదానికి మళ్ళీ ఒకటో అంకె దగ్గర కన్నం, రేటు గన్నవరందాకా. నాలుగోది అక్విడక్టు అవతల ఎక్కింది.

నాలుగూ మళ్ళీ మొదటినుంచి చూశాను. దారి తప్పినవాళ్ళ టిక్కెట్లు ఇంత వరసగా ఉంటాయా?

మర్నాడే బస్టాండుకి వెళ్ళి, కిటికీ దగ్గర కూర్చునే కంట్రోలరు గారిని ఆ గురువారం సంగతి అడిగాను. ఆయన పాత పుస్తకం తిరగేసి, "ఆయ్, ఉందండి. ఆ రోజు పొద్దున్న వరద జోరుగా వచ్చి ఎనిమిదింటికి పంటు ఆపేసేరండి. మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి వేసేరు. రేవు బస్సులన్నీ వెనక్కి తిప్పేసేమండి" అన్నారు.

విన్నారా? పంటు ఆగింది! చదువుకున్నవాళ్ళం, కొడుకులూ కోడళ్ళం, అంతమందిలో ఒక్కరం కూడా అది కనుక్కోలేదు.

నాలుగో టిక్కెట్టు ఇచ్చిన కండక్టరు కోసం రెండు రోజులు గన్నవరం వెళ్ళాను. మూడోరోజు దొరికాడు. తాడు చూపించగానే గుర్తుపట్టాడు.

"ఈ తాడు మామ్మగారా అండి! అయ్యో... ముందు సీట్లోనే కూర్చున్నారండి. వరదలో ఎందుకండీ ఈ ప్రయాణం, ఇంటికెళ్ళిపోపోయేరా అంటే, 'మా చెల్లి తలకి నూనె రాసుక్కూర్చునుంటది బాబూ' అన్నారండి. నేనింకా పేరు అరవనే లేదు, 'తాటిపాక వస్తోంది, కాస్త ఆపు నాయనా, గుండెల్లో ఎలాగో ఉంది' అన్నారు. మీది రాజోలు టిక్కెట్టు కదండీ అన్నాను. 'తెలుసు, ఇంకొక్క ముడి ఉంది. కాసేపు కూర్చుని తరవాత బస్సుకెళ్తాను' అన్నారండి."

ఇంకొక్క ముడి ఉంది...

దారి తప్పిన మనిషి మాటలా ఇవి?

ఇంటికొచ్చి కరుణకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. అది వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నది అప్పుడు బయటికొచ్చింది. "నాకు తెలుసమ్మా. తాడు కట్టినప్పుడు మామ్మ అడిగింది, పంటు ఆగిపోతే ఏం చెయ్యాలే అని. పెద్ద ఉచ్చు దగ్గరికి తిరిగొచ్చి లావు తాడు పట్టుకో, రెండూ చిప్ప దగ్గర కలుస్తాయి అన్నాను. ఇంటికొచ్చెయ్యి అని చెప్పలేదు. అలా చెప్తే బతికుండేది."

ఎంత పెద్ద బరువు మోసిందండీ ఈ పిల్ల! ఒక్కతే, నూరు రోజులు, ఎవరికీ చెప్పకుండా...

నేను దానికొకటే చెప్పాను. "పెద్ద ఉచ్చంటే అమలాపురమే కదే. అక్కడినుంచి మనిల్లు నాలుగడుగులు. మామ్మకి ఇంటికి దారి తెలీదా? తెలిసే రెండో బస్సెక్కింది. నీ తాడు ఆవిణ్ణి పంపలేదు. ఆవిడ వెళ్ళాలనుకుంది, నీ తాడు దారి చూపించింది." నిజమే కదా అత్తయ్యగారూ? మీరే అయితే ఇంకా బాగా చెప్పేవారు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, క్రిస్మసు ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి సంఘపెద్దలు బావగారింటి వరండాలో కూర్చున్నారు. ఆదరణ కూటానికి వచ్చినవాళ్ళే. కరుణ చెయ్యి పట్టుకుని వెళ్ళాను. మీ చిన్నబ్బాయి గేటు దగ్గరే ఆగిపోయారు.

టీపాయి మీద టీ కప్పులు పక్కకి జరిపి, నాలుగు టిక్కెట్లూ వరసగా పెట్టాను. పక్కన తాడు పరిచాను. ఏ కన్నం ఏమిటో, ఏ ముడి ఏమిటో, కంట్రోలరు గారేమన్నారో, కండక్టరేమన్నాడో ఒక్కొక్కటే చెప్పాను.

బావగారు టిక్కెట్ల వంక చూడకుండానే, "పోయినావిడ ఎలాగూ తిరిగి రాదు కదమ్మా శాంతా. ఇప్పుడీ కాగితాలెందుకు?" అన్నారు.

"పోయినావిడ కోసం కాదండి బావగారూ. ఉన్న పిల్ల కోసం."

"పంటు ఆగిందని నాకెవరు చెప్పేరు?"

"మీరెవర్నీ అడగలేదండి."

మీ పెద్దకోడలు అక్కయ్యగారు తలుపు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరిలోకీ పెద్దాయన, తెల్లగడ్డం తాతగారు, తాడు చేతిలోకి తీసుకుని నీలం గుడ్డ తడిమారు. "ఇదేమిటే బుల్లీ?" అని కరుణని అడిగారు. అది నా కొంగు వదలకుండానే, "రేవండి. అక్కడ గీత తెగుతుంది. దిగి దాటాలండి" అంది. ఆయన బొటనవేలు వెనక్కి జరుపుకుంటూ ఉచ్చుదాకా వచ్చి, లావు తాడు పట్టుకుని, ముడి ముడీ దాటి చిప్ప రింగు దగ్గర ఆగారు. "మీ అమ్మ సువార్తమ్మ దారి తప్పలేదయ్యా హెడ్మాస్టారూ. దారి తెగితే ఇంకో దారి పట్టుకుంది" అన్నారు.

బావగారు, "నేనేదో బాధలో అన్న మాట అది..." అని గొణిగారు. క్షమించమనలేదు. కరుణ వైపు చూడలేదు కూడా. నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు అత్తయ్యగారూ, చల్లారాలని కూడా లేదు. పదిమందిలో నింద వేసినవాడు పదిమందిలోనే తియ్యాలి. ఆ మాట ఆయనకే చెప్పి వచ్చాను. గేటు దగ్గర మీ చిన్నబ్బాయి కరుణని ఎత్తుకున్నారు. పదేళ్ళ పిల్లని ఎత్తుకోవడమేమిటని నేను అనలేదు.

నిన్న గురువారం. పొద్దున్నే కరుణ తనంతట తనే గౌను తొడుక్కుని, తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బడి మానిపించాను, ఒక్క రోజే కదా. మీ సంచిలోని నూనె సీసా, సీకాయ పొట్లం, దువ్వెన అలాగే పట్టుకుని బయల్దేరాం.

రేవు దారి దగ్గరిదారి. కానీ కరుణ లావు తాడు పట్టుకుంది. నేనూ గన్నవరం బస్సే అడిగాను. అంబాజీపేట, గన్నవరం, అక్విడక్టు మీద నడుస్తూంటే కింద నది, పక్కన కాలవ... అవతల బస్సు. కండక్టరు స్టేజీ పేరు అరిచినప్పుడల్లా దాని బొటనవేలు ఒక్కో ముడి జరిగింది. తాటిపాక వచ్చింది. మీరు కూర్చున్న బల్ల కిటికీలోంచి కనబడింది. ఎవరో ముసలాయన కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నాడు. కరుణ వేలు రింగు మీద బిగుసుకుపోయింది.

బస్సు కదిలింది. చాలాసేపు వేలు కదల్లేదు. నేను దాని చెయ్యి పట్టుకోలేదు, పక్కన కూర్చున్నాను, అంతే. కండక్టరు "రాజోలు, రాజోలు" అని అరిచాడు. అప్పుడు మెల్లగా రింగు వదిలి, బొత్తాం ఉన్న ముడి మీదికి జరిపింది.

చిన్నత్తయ్యగారికి తలంటాం. నీళ్ళు నేను పోశాను, జడ కరుణ వేసింది. వంకరగా వచ్చింది. "మా అక్క కూడా మొదట్లో ఇలాగే వేసేది" అన్నారావిడ. రాగానే కేలెండరు దించి ఇరవైమూడో చుక్క పెట్టాను. అది మీదే. నాది కాదు.

వచ్చే గురువారం బడి ఉంది కనక నేనొక్కదాన్నే వెళ్తాను. ఆ పై గురువారం కూడా. తాడు నా చేతిలోనే ఉంటుంది. చిన్నత్తయ్యగారి తల గురించి మీరు బెంగపెట్టుకోకండి.

కరుణ బల్ల దగ్గర కూర్చుని ఏదో గీస్తోంది. ఏమిటని అడగలేదు. చాలా గీతలున్నాయి.

మీ కోడలు
శాంత